వంద నిమిషాల తర్వాత ఉప్పు ఎంత మిగులుతుంది?

బైపీసీ చదివి బీఫార్మసీలో చేరిన పిల్లలకి మొదటి సెమిస్టర్‌లోనే లెక్కల పేపరొకటి తగులుతుంది. దాని పేరు రెమెడియల్ మ్యాథమెటిక్స్. పదో తరగతితో లెక్కలకి దణ్ణం పెట్టేసి రెండేళ్లు కప్పల బొమ్మలూ పువ్వుల భాగాలూ గీసినవాళ్లు అందులో డిఫరెన్షియల్ ఈక్వేషన్ల దాకా వెళ్లాలి. ఎంపీసీ వాళ్లకి ఇంటర్ రెండో ఏడాదిలో పరిచయమయ్యే పాఠం అది. ఆ మధ్యలో ఉన్న గుంట పూడ్చడానికి కొన్ని కాలేజీలు ముందుగా బ్రిడ్జ్ కోర్సు పెడతాయి. మొదటి రోజు ఎవరో ఒక మాస్టారు లేచి, ఈ సమీకరణాలు ఎందుకు నేర్చుకోవాలో నాలుగు మాటలు చెబుతారు.

ఆ నాలుగు మాటలూ చాలాసార్లు ఒక జాబితాగా ఉంటాయి. రాకెట్లు, వంతెనలు, తుపానులు, షేర్ మార్కెట్, అంటురోగాలు, అన్నిట్లోనూ ఇవే ఉన్నాయని చెబుతారు. జాబితాలో అబద్ధం లేదు. కానీ టెన్షన్‌తో వచ్చి కూర్చున్న పిల్లకి అది భయపడాల్సిన వాటి పట్టికలా వినపడుతుంది. గుంటూరులో ఇలాంటి ఒక తరగతిలో లెక్కల మాస్టారు జాబితా జోలికి పోకుండా మేడ మీది నీళ్ల ట్యాంకుతో మొదలుపెట్టారు. ఆయన మాట్లాడింది ఇరవై నిమిషాలే. అందులో ఉన్న సంగతి మాత్రం నెమ్మదిగా విప్పి చూడదగ్గది.

ఆయన వేసిన ప్రశ్న ఇది. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది. నిండా ఉప్పటి బోరు నీళ్లు. టీడీఎస్ మీటర్ పెడితే 1000 చూపిస్తోంది, అంటే లీటరుకి ఒక గ్రాము చొప్పున ట్యాంకు మొత్తంలో కిలో ఉప్పు ఉంది. ఇప్పుడు పై నుంచి నిమిషానికి పది లీటర్ల చొప్పున ఉప్పు లేని మంచినీళ్లు వదిలాం. కింద కుళాయి నుంచి అదే లెక్కన పది లీటర్లు బయటికి పోతున్నాయి. నీటి మట్టం కదలదు. లోపల నీళ్లు ఎప్పటికప్పుడు బాగా కలిసిపోతున్నాయి అనుకోవాలి. వంద నిమిషాలకి వెయ్యి లీటర్లు లోపలికొచ్చాయి, వెయ్యి లీటర్లు బయటికి పోయాయి. ట్యాంకులో ఉప్పు ఎంత మిగిలింది?

"ఏం మిగలదు సార్" అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో అంది. ఎవరైనా అలాగే అంటారు. వెయ్యి పోయి వెయ్యి వచ్చినప్పుడు పాతవి ఇంకెక్కడుంటాయి?

అసలు జవాబు 366 గ్రాములు. మూడో వంతు కంటే ఎక్కువ ఉప్పు ఇంకా లోపలే ఉంటుంది.

ఎందుకో తెలుసుకోవడానికి సమీకరణం అక్కర్లేదు, నిమిషం నిమిషం లెక్కేస్తే చాలు. మొదటి నిమిషంలో వెయ్యిలో పది లీటర్లు, అంటే నూటికి ఒక వంతు నీళ్లు పోయాయి. వాటితోపాటు ఉప్పులోనూ నూటికి ఒక వంతు, పది గ్రాములు, పోయింది. 990 మిగిలింది. రెండో నిమిషంలో పోయేది 990లో నూటికి ఒకటి, అంటే 9.9 గ్రాములు. ట్యాంకులో అర కిలో మిగిలే సమయానికి నిమిషానికి ఐదు గ్రాములే పోతాయి. ఉప్పు తగ్గే కొద్దీ బయటికి పోయే నీళ్లు కూడా పలచబడతాయి, కాబట్టి ఉప్పు పోయే వేగమూ తగ్గుతుంది. వెయ్యిని 0.99తో వందసార్లు గుణిస్తే 366 వస్తుంది. ఇదే మాటని గణిత భాషలో ఇలా రాస్తారు:

dS/dt = −S/100

S అంటే ట్యాంకులో ఉన్న ఉప్పు. ఎడమవైపు ఉన్నది దాని వేగం, మైనస్ తగ్గుతోందని చెబుతుంది. కుడివైపున మళ్లీ అదే S ఉండటమే ఇక్కడి విశేషం. ఎంత తగ్గుతుందన్నది ఎంత ఉందన్నదాని మీద ఆధారపడి ఉంది. డిఫరెన్షియల్ ఈక్వేషన్ అంటే ఇంతే: ఒక రాశి మారే వేగానికీ ఆ రాశికీ మధ్య ఉన్న సంబంధం. దీన్ని సాధిస్తే S = 1000·e^(−t/100) వస్తుంది. నిమిషం నిమిషం కాకుండా క్షణం క్షణం లెక్కేస్తుంది కాబట్టి వందో నిమిషానికి 366 బదులు 368 అంటుంది. ఆ తేడా ఎవరికీ పట్టదు. ఉప్పు సగానికి రావడానికి 69 నిమిషాలు, ఆ సగంలో సగం కావడానికి మళ్లీ 69 నిమిషాలు పడతాయి. ఎక్కడ మొదలుపెట్టినా సగం కావడానికి అదే సమయం. దాన్నే హాఫ్ లైఫ్, అర్ధాయువు అంటారు.

(ట్యాంకు కడగాలనుకునేవాళ్లకి ఒక మాట: ముందు మొత్తం ఖాళీ చేసి నింపుకుంటే వెయ్యి లీటర్లతో ఉప్పంతా పోతుంది. పోస్తూ వదులుతూ ఉంటే మూడు వేల లీటర్లు పోసినా నూటికి ఐదు వంతులు మిగిలే ఉంటుంది.)

నిజానికి కుళాయి నీళ్లలోనూ కొంత ఉప్పు ఉంటుంది. వాటి టీడీఎస్ 200 అనుకుందాం. అప్పుడు ట్యాంకు ఎప్పటికీ సున్నాకి రాదు, 200 వైపు నడుస్తుంది. తగ్గేది 1000 కాదు, 1000కీ 200కీ ఉన్న తేడా 800. 69 నిమిషాలకి ఆ తేడా 400 అవుతుంది, మీటర్ 600 చూపిస్తుంది. మాస్టారు బోర్డు మీద ఈ చిన్న మార్పు చేసి, టీడీఎస్ అన్న చోట ఉష్ణోగ్రత అని రాశారు. అంతే, ట్యాంకు కాస్తా టీ కప్పు అయిపోయింది. 34 డిగ్రీల గదిలో 84 డిగ్రీల టీ ఉంటే తేడా 50. పది నిమిషాల్లో అది 25కి పడిపోతే, అంటే టీ 59కి వస్తే, ఇంకో పది నిమిషాలకి తేడా పన్నెండున్నర, టీ 46.5 డిగ్రీలు అవుతుంది. ఈ సూత్రం న్యూటన్‌ది. 1701లో పేరు పెట్టకుండా ప్రచురించారు. టీ విషయంలో ఇది కొంత దగ్గరి లెక్కే. పొగలు కక్కేటప్పుడు ఆవిరి కూడా వేడిని పట్టుకుపోతుంది కాబట్టి మొదట్లో సూత్రం చెప్పినదానికంటే త్వరగా చల్లారుతుంది.

చార్జ్ ఖాళీ అవుతున్న కెపాసిటర్‌దీ ఇదే సమీకరణం. 5730 ఏళ్లకి సగమయ్యే కార్బన్ 14దీ ఇదే. కానీ ఫార్మసీ తరగతికి వీటిని ఇంతకంటే సాగదీయనక్కర్లేదు, ఎందుకంటే వాళ్లకి కావలసిన ట్యాంకు మనిషి ఒంట్లోనే ఉంది.

ఒక మందు రక్తంలోకి చేరింది అనుకుందాం. అది ఒంట్లో 50 లీటర్ల ట్యాంకులో కలిసినట్టు పరచుకుంది. కిడ్నీలూ కాలేయమూ కలిసి గంటకి ఐదు లీటర్ల మేర శుభ్రం చేస్తున్నాయి. ఆ మొదటి అంకెని వాల్యూమ్ ఆఫ్ డిస్ట్రిబ్యూషన్ అంటారు, రెండోదాన్ని క్లియరెన్స్ అంటారు. సెమిస్టర్లు గడిచాక ఈ రెండు మాటలూ పెద్ద పుస్తకంలో ఎదురై బెదిరిస్తాయి. నిజానికి ఒకటి ట్యాంకు సైజు, రెండోది కుళాయి వేగం. గంటకి 50లో ఐదు లీటర్లంటే నూటికి పది వంతులు. హాఫ్ లైఫ్ సుమారు ఏడు గంటలు. ఐదు హాఫ్ లైఫ్‌లు, అంటే 35 గంటలు గడిస్తే నూటికి మూడు వంతులు మిగులుతుంది.

ట్యాంకు సైజు గురించి ఒక హెచ్చరిక. ఇది కొలిచిన లీటర్లు కాదు, లెక్కలో తేలే లీటర్లు. గుండె జబ్బుకి వాడే డిగాక్సిన్‌కి పెద్దవాళ్లలో ఈ అంకె కొన్ని వందల లీటర్లు వస్తుంది. మనిషి ఒంట్లో అన్ని నీళ్లు ఎక్కడివి? మందు ఎక్కువగా కండరాల్లోకి పోయి కూర్చుంటుంది, రక్తంలో కొంచెమే కనబడుతుంది. పెద్ద ట్యాంకులో కలిపితే ఎంత పలచగా ఉంటుందో అంత పలచగా ఉందని మాత్రమే ఆ అంకెకి అర్థం.

ఇప్పుడు సెలైన్ బాటిల్‌లా గంటకి 20 మిల్లీగ్రాముల చొప్పున మందు ఎక్కిస్తున్నాం అనుకుందాం. మొదట్లో రక్తంలో మందు తక్కువ కాబట్టి పోయేదీ తక్కువే. మట్టం పెరుగుతూ ఉంటుంది, దాంతోపాటు పోయే వేగమూ పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట వచ్చేదీ పోయేదీ సమానమై మట్టం నిలుస్తుంది. అదెక్కడో తేల్చడం భాగహారం పని: గంటకి వచ్చేది 20 మిల్లీగ్రాములు, శుభ్రమయ్యేది ఐదు లీటర్లు, కాబట్టి లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల దగ్గర నిలుస్తుంది. డోసు రెట్టింపు చేస్తే ఎనిమిది దగ్గర నిలుస్తుంది. క్లియరెన్స్ సగానికి పడిపోయిన కిడ్నీ రోగికి పాత డోసే ఇస్తే అతనిలోనూ ఎనిమిదే వస్తుంది. పైగా అతనిలో హాఫ్ లైఫ్ ఏడు గంటల బదులు పద్నాలుగు గంటలు అవుతుంది కాబట్టి ఆ ఎనిమిదికి చేరడం కూడా ఆలస్యంగా జరుగుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి కొన్ని మందుల డోసు తగ్గించే లెక్క మొదలయ్యేది ఇక్కడే.

ఇక్కడిదాకా అంతా సవ్యంగా ఉంది. చాలా ప్రసంగాలు ఇక్కడే చప్పట్లతో ముగుస్తాయి. ఒకే సమీకరణం ట్యాంకులోనూ టీలోనూ ఒంట్లోనూ పనిచేస్తుందన్న ఆశ్చర్యంతో పిల్లలు బయటికెళ్తారు. గుంటూరు మాస్టారు మంచి పని ఒకటి చేశారు, ఆ ఆశ్చర్యాన్ని వెంటనే కొంచెం చెడగొట్టారు.

"ట్యాంకులో నీళ్లు పోయకుండా అడుగున చిల్లు మాత్రం పెడితే?" అని అడిగారు. చాలామంది ఇదీ మునుపటి కథే అనుకున్నారు. మట్టం తగ్గే కొద్దీ ధార సన్నబడుతుంది కదా. సన్నబడుతుంది నిజమే, కానీ ధార వేగం మట్టంతో పాటు అదే నిష్పత్తిలో తగ్గదు, మట్టం వర్గమూలంతో పాటు తగ్గుతుంది. ఇది పదిహేడో శతాబ్దపు టొరిచెల్లి సూత్రం. మట్టం నాలుగో వంతుకి పడిపోతే ధార వేగం సగానికే తగ్గుతుంది. ఫలితం చాలా వేరుగా ఉంటుంది. నిండు ట్యాంకు వంద నిమిషాల్లో ఖాళీ అవుతుంది అనుకుంటే, మట్టం సగానికి రావడానికి 29 నిమిషాలు, ఆ సగంలో సగం కావడానికి 21 నిమిషాలు పడతాయి. అర్ధాయువు అన్న మాటకే ఇక్కడ అర్థం లేదు. ఉప్పు ట్యాంకు కాగితం మీద ఎప్పటికీ పూర్తిగా ఖాళీ కాదు, చిల్లు ట్యాంకు వందో నిమిషానికి ఖాళీ అయి ఊరుకుంటుంది. మందు ఒంట్లోంచి పోవడాన్ని చిల్లు ట్యాంకుతో పోల్చడం బోధనలో బాగా అలవాటైన ఉదాహరణ. అది తప్పు ఉదాహరణ.

కాబట్టి అన్ని చోట్లకీ వెంట తీసుకెళ్లాల్సింది సమీకరణం కాదు, దాన్ని రాసేముందు వేసుకునే ప్రశ్న: పోయే వేగం దేని మీద ఆధారపడుతుంది? ఉన్నదాని మీదా, దాని వర్గమూలం మీదా, లేక ఇంకేదైనా ఉందా? ఫార్మసీలో ఆ మూడో జవాబుకి ప్రాణాల ఖరీదు ఉంది. దానికి మంచి నమూనా ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్. ఈ మందు ఫిట్స్‌ని ఆపుతుందని మెరిట్, పట్నమ్ అనే ఇద్దరు 1938లో చూపించారు, ఇప్పటికీ వాడుకలోనే ఉంది.

ఫెనిటాయిన్‌ని ఒంట్లోంచి తీసేసేది కాలేయంలోని ఎంజైమ్‌లు. ఎంజైమ్‌ల పని అర్థం కావాలంటే గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలో కాజ టోల్‌గేట్ గుర్తు తెచ్చుకోవచ్చు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని బళ్లు వస్తే అన్నీ అటు దాటిపోతాయి. వచ్చేవి రెట్టింపైతే దాటేవీ రెట్టింపే. రద్దీ పెరిగి అన్ని కౌంటర్లూ నిండిపోయాక గంటకి దాటే బళ్ల సంఖ్య అక్కడే ఆగిపోతుంది. వెనక క్యూలో యాభై ఉన్నా ఐదొందలు ఉన్నా గేటు దాటేవి అన్నే. ఎంజైమ్‌దీ ఇదే పద్ధతి. మందు తక్కువున్నప్పుడు ఉన్నదానికి తగ్గట్టు తీసేస్తుంది, ఎక్కువైతే తన గరిష్ఠ వేగం దగ్గర ఆగిపోతుంది. దీన్ని సమీకరణంగా 1913లో లియోనర్ మైకేలిస్, మాడ్ మెంటెన్ రాశారు:

రోజుకి పోయే మందు = Vmax × C / (Km + C)

C రక్తంలో మందు సాంద్రత. Vmax అన్ని కౌంటర్లూ నిండినప్పుడు దాటే గరిష్ఠం. Km అంటే ఆ గరిష్ఠంలో సగం వేగంతో పని జరిగే సాంద్రత. ఫెనిటాయిన్‌కి పాఠ్యపుస్తకాలు వాడే సగటు విలువలు తీసుకుంటే Vmax బరువు కిలోకి రోజుకి ఏడు మిల్లీగ్రాములు, Km లీటరుకి నాలుగు మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి రోజుకి 420 మిల్లీగ్రాములు గరిష్ఠం అన్నమాట. మందు పనిచేయడానికి రక్తంలో సాధారణంగా లీటరుకి 10 నుంచి 20 మిల్లీగ్రాములు ఉండాలంటారు. Km నాలుగే కాబట్టి మందు పనిచేసే స్థాయికి వచ్చేసరికే కౌంటర్లు చాలావరకు నిండిపోయి ఉంటాయి. ఫెనిటాయిన్‌తో వచ్చే చిక్కంతా ఇక్కడ ఉంది.

రోజుకి 300 మిల్లీగ్రాములు వేసుకునే మనిషిలో మందు ఎక్కడ నిలుస్తుందో చూద్దాం. వచ్చేది పోయేదానికి సమానం అని రాసి సర్దితే

C = Km × డోసు / (Vmax − డోసు)

అని వస్తుంది. 4 × 300 ని 120తో భాగిస్తే 10. మందు సరిగ్గా కింది గీత మీద ఉంది. ఫిట్స్ పూర్తిగా తగ్గలేదు, డోసు పెంచాలి. వంద మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఇంకొకటి కలిపితే 400 అవుతుంది. మొదటి ట్యాంకు లెక్క మనసులో ఉన్నవాళ్లు డోసు మూడో వంతు పెరిగింది కాబట్టి సాంద్రత 13 దాకా పోతుందని అనుకుంటారు. సూత్రం ఏమంటుందో చూడండి: 4 × 400 ని 20తో భాగిస్తే 80. ఎనిమిది రెట్లు! 350 వేసుకుంటే 20 దగ్గర ఆగేది. చివరి యాభై మిల్లీగ్రాములు దాన్ని 20 నుంచి 80కి తోశాయి. గేటు దాటగలిగేవి రోజుకి 420 బళ్లయితే 400 వస్తున్నప్పుడు క్యూ ఎంత పొడుగు ఉంటుందో ఇదీ అంతే.

ఇంత ప్రమాదం ఉంటే రెండో రోజుకే తెలిసిపోదా అని సందేహం వస్తుంది. తెలియదు. డిఫరెన్షియల్ ఈక్వేషన్ అవసరం నిజంగా పడేది ఇక్కడే, ఎందుకంటే పై సూత్రం చివరికి ఎక్కడికి చేరుతుందో చెబుతుంది గానీ ఎన్నాళ్లకో చెప్పదు. ఫెనిటాయిన్ పరచుకునే ట్యాంకు కిలోకి 0.7 లీటర్లు, అరవై కిలోలకి 42 లీటర్లు. ఒక రోజులో సాంద్రత మారేది ఇలా ఉంటుంది:

dC/dt = (400 − 420 × C/(4 + C)) / 42

దీన్ని కలం, కాలిక్యులేటర్‌తో రోజువారీగా వేయొచ్చు. డోసు పెంచిన రోజున C 10. ఆ రోజు పోయేది 300, వచ్చేది 400, మిగిలిన వంద 42 లీటర్లలో కలిస్తే 2.4 పెరుగుతుంది. మర్నాటికి 12.4. అప్పుడు పోయేది సుమారు 318, మిగిలేది 82, పెరిగేది దాదాపు 2. ఇలాగే పోతే మూడో రోజుకి 16, ఐదో రోజుకి 19, ఆరో రోజుకి 20 దాటుతుంది. పిల్లలు ఉప్పు ట్యాంకుకి చేసిన పనే ఇది, నిన్నటి అంకెకి వచ్చింది కలిపి పోయింది తీసేయడం. ఇంకా ముందుకెళ్తే పదిహేడు రోజుల ప్రాంతంలో 30 దాటుతుంది, ముప్పై ఆరో రోజు ప్రాంతంలో 40 దాటుతుంది. నెల గడిచినా 80కి చాలా దూరంలోనే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది.

ఐదో రోజున రక్త పరీక్ష చేయిస్తే రిపోర్టులో 19 అని, పరిధిలోనే ఉన్నట్టు కనబడుతుంది. రిపోర్టు తప్పు కాదు, అప్పటికి అంతే ఉంది. కానీ ఆ ఒక్క అంకె చూసి అంతా బాగుందనుకుంటే రెండు మూడు వారాల్లో మనిషి తూలుతూ నడవడం మొదలవుతుంది. ఫెనిటాయిన్ ఎక్కువైన లక్షణాలు సాధారణంగా ఒక వరుసలో వస్తాయి. 20 దాటాక పక్కకి చూసినప్పుడు కనుగుడ్లు అదురుతాయి. 30 దాటాక నడక తడబడుతుంది. 40 దాటాక మత్తు, అయోమయం. గీతలు అందరిలోనూ ఇంత కచ్చితంగా ఉండవు, Vmax, Km కూడా మనిషికీ మనిషికీ మారతాయి. అందుకే పరిధికి దగ్గరగా వచ్చాక వైద్యులు డోసుని వందల్లో కాకుండా 25, 50 మిల్లీగ్రాముల మెట్లలో పెంచి, మళ్లీ పరీక్ష చేయిస్తారు.

ఇది కాగితం మీది భయం కాదని చెప్పే సంఘటన ఒకటి ఉంది. 1968–69లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఫెనిటాయిన్ వాడుతున్న చాలామందిలో ఒక్కసారిగా మందు ఎక్కువైన లక్షణాలు కనబడ్డాయి. ఎవరూ డోసు మార్చలేదు. క్యాప్సూల్ నింపడానికి కలిపే పొడి మారింది, కాల్షియం సల్ఫేట్ బదులు లాక్టోజ్ వచ్చింది. లాక్టోజ్‌తో మందు పేగుల్లోంచి రక్తంలోకి మునుపటికంటే బాగా చేరింది. మామూలు మందు విషయంలో అయితే చేరేది నూటికి పదిహేను పెరిగితే రక్తంలోనూ పదిహేనే పెరుగుతుంది. ఫెనిటాయిన్‌లో, మన అరవై కిలోల మనిషి లెక్కలోనే, రోజుకి చేరేది 300 నుంచి 345కి పెరిగితే సాంద్రత 10 నుంచి 18కి పోతుంది. ముందే 15 దగ్గర ఉన్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. మందులోని మందు గురించి చదివే పిల్లలకి మాత్రలోని పిండి గురించి కూడా ఎందుకు చెబుతారో దీనికంటే మంచి పాఠం దొరకదు.

ఒక మందు మొదటి ట్యాంకు తరహాదా ఫెనిటాయిన్ తరహాదా అన్నది ఎలా తేల్చాలి? మందు ఆపేశాక కొన్ని రోజులు సాంద్రత కొలిచి, ఎంతసేపటికి సగమవుతోందో చూడాలి. మొదటి తరహా అయితే ఎక్కడ చూసినా అదే సమయం వస్తుంది, లాగ్ గ్రాఫ్ మీద సరళరేఖ పడుతుంది. పై విలువలతో ఫెనిటాయిన్ లెక్కేస్తే 40 నుంచి 20కి రావడానికి దాదాపు 2.3 రోజులు, 20 నుంచి 10కి 1.3 రోజులు, 10 నుంచి 5కి 0.8 రోజులు. లాగ్ గ్రాఫ్ మీద గీత మొదట మెల్లగా వంగి, తర్వాత నిటారుగా దిగుతుంది. ఈ మందు హాఫ్ లైఫ్ ఎంత అని పరీక్షలో అడిగితే, ఏ సాంద్రత దగ్గర అని తిరిగి అడగాలి. మద్యం కూడా ఈ జాతే. తాగినవాళ్ల రక్తంలో అది చాలాసేపు గంటకి ఇంత అని దాదాపు ఒకే మోతాదులో తగ్గుతూ ఉంటుంది, కౌంటర్లన్నీ నిండిపోయి ఉంటాయి కాబట్టి.

తరగతి ముగిసే ముందు మాస్టారు ఫెనిటాయిన్ సూత్రాన్ని బోర్డు మీద వదిలేసి, డోసు చోట ఏ అంకె కావాలంటే అది పెట్టి చూడమన్నారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, 450 పెడితే మైనస్ 60 వస్తోంది. తప్పు చేశానా?"

తప్పేం లేదు. 4 × 450 ని మైనస్ 30తో భాగిస్తే మైనస్ 60 వస్తుంది. రక్తంలో మందు మైనస్ ఉండదు కాబట్టి జవాబు చెత్తబుట్టలో వేయాలనిపిస్తుంది. కానీ ఆ సూత్రాన్ని ఏం అడిగి రాబట్టామో గుర్తు చేసుకోవాలి. మట్టం ఎక్కడ నిలుస్తుంది అని అడిగాం. రోజుకి 420 మాత్రమే దాటే గేటుకి 450 వస్తుంటే క్యూ నిలిచే చోటంటూ ఉండదు. అసలు సమీకరణంలోకి వెనక్కి వెళ్లి చూస్తే, సాంద్రత ఎంత పెరిగినా రోజూ కనీసం 30 మిల్లీగ్రాములు మిగిలిపోతూనే ఉంటాయి. 42 లీటర్లలో అది రోజుకి 0.7. ఆ మందు వేసుకున్నన్నాళ్లూ, ప్రతిరోజూ, లీటరుకి కనీసం 0.7 మిల్లీగ్రాములు పెరుగుతూ పోతుంది.